ఫోన్ మెనూలో పొడవైన ఆప్షన్ల జాబితా కంటే చిన్న స్వాగతం ఎందుకు మేలు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ పేజీ ఎవరి కోసం?

సంస్థకు ఫోన్ చేసిన వారికి మొదట వినిపించే రికార్డు సందేశాన్ని, అంటే ఐవీఆర్ మెనూను, రాసేవారి కోసం, దాన్ని ఫోన్ సర్వర్‌లో అమర్చేవారి కోసం. మెనూ మొత్తం గురించి కాకుండా, ఫోన్ ఎత్తిన క్షణం నుంచి మొదటి మీట నొక్కే వరకు గడిచే ఆ కొద్ది సెకన్ల గురించే ఇక్కడ చర్చిస్తున్నాం. ఫోన్ చేసిన వ్యక్తి తనకు కావలసిన చోటికి చేరతాడా లేదా అన్నది చాలా వరకు అక్కడే తేలిపోతుంది.

జాబితా పొడవుగా ఉంటే వచ్చే నష్టం ఏమిటి? అన్ని ఆప్షన్లూ ముందే చెప్పేస్తే మంచిదే కదా?

కాగితం మీద జాబితాను కన్ను ఒక్కసారిగా చూస్తుంది, పైకీ కిందికీ తిరుగుతుంది, అక్కర్లేని వరుసలను వదిలేస్తుంది. చెవికి ఆ వెసులుబాటు లేదు. వినిపించే జాబితా ఒకదాని తర్వాత ఒకటిగా, చదివేవారి వేగంతోనే వస్తుంది. ముందుకు దూకడానికి గానీ, వెనక్కి వెళ్లడానికి గానీ వీలుండదు. ఎనిమిదో ఆప్షన్ కావలసిన మనిషి మొదటి ఏడింటినీ వినక తప్పదు.

అంతకంటే పెద్ద నష్టం నిర్ణయంలో ఉంది. మూడో ఆప్షన్ తనకు సరిపోయేలా ఉందని అనిపించినా, ఇంకా మంచిది ముందు ముందు రావచ్చన్న అనుమానంతో వింటున్న వ్యక్తి ఆగుతాడు. ఆగి విన్నాక తనకు కావలసినది మూడోదేనని తేలుతుంది, కానీ దాని అంకె మూడా నాలుగా అన్నది ఈలోగా చెదిరిపోతుంది. అప్పుడు మొత్తం మళ్లీ వినాలి, లేదా ఊహించి నొక్కాలి. ఊహించి నొక్కిన కాల్ తప్పు విభాగానికి వెళ్తుంది. అక్కడి ఉద్యోగి విషయం అంతా విని మరో విభాగానికి మళ్లిస్తాడు. విషయాన్ని అక్కడ మొదటి నుంచీ చెప్పుకోవలసి వస్తుంది.

చేతిలో మొబైల్ ఉన్నప్పుడు మరో ఇబ్బంది ఉంది. అంకె నొక్కాలంటే ఫోన్‌ను చెవి దగ్గర నుంచి తీసి, తెర మీద కీప్యాడ్ తెరవాలి. ఆ రెండు మూడు సెకన్లలో పలికినవి వినిపించవు. పొడవైన జాబితాలో ఈ పని మధ్యలో చేయాల్సి వస్తుంది. చిన్న సందేశంలో అయితే సందేశం ముగిశాక చేసుకోవచ్చు.

మనిషి ఏడు విషయాలను గుర్తుపెట్టుకోగలడని అంటారు కదా, అలాంటప్పుడు ఏడు ఆప్షన్లు ఉండవచ్చా?

మనస్తత్వ శాస్త్రవేత్త జార్జ్ మిల్లర్ 1956లో రాసిన వ్యాసం నుంచి ఈ ఏడు అన్న అంకె ప్రచారంలోకి వచ్చింది. తర్వాతి కాలంలో మరో మనస్తత్వ శాస్త్రవేత్త నెల్సన్ కోవన్ 2001లో ఆ పరిమితి నాలుగుకు దగ్గరగా ఉంటుందని వాదించాడు. అయితే ఫోన్ మెనూకు ఈ రెండు అంకెల్లో దేన్నైనా తెచ్చి కొలతగా పెట్టడం సరికాదని నా అభిప్రాయం. మెనూ వింటున్న వ్యక్తి ఆప్షన్లన్నిటినీ గుర్తుపెట్టుకోవడం లేదు. ఒక్కొక్కటి వచ్చినప్పుడు అది తనకు పనికొస్తుందా అని చూసి, పనికిరానిదాన్ని వదిలేసి, అప్పటికి దొరికిన మంచి ఆప్షన్‌ను మాత్రమే మనసులో ఉంచుకుంటాడు.

ఇది ఊహ మాత్రమే కాదు. వెడల్పుగా ఒకే అంచెలో ఉన్న మెనూను, తక్కువ ఆప్షన్లతో అనేక అంచెలుగా ఉన్న మెనూను పోల్చిన ఒక అధ్యయనం 2008లో హ్యూమన్ ఫ్యాక్టర్స్ పత్రికలో వచ్చింది. అందులో వెడల్పు మెనూయే మెరుగ్గా తేలింది, ముఖ్యంగా జ్ఞాపకశక్తి పరిమితి తక్కువగా ఉన్నవారికి. కాబట్టి తొమ్మిది ఆప్షన్లను మూడేసి చొప్పున మూడు శీర్షికల కింద రెండు అంచెల్లోకి నెట్టేసి మెనూ చిన్నదైపోయిందని అనుకోవడం పొరపాటు. ప్రతి అంచెలోనూ తన పని ఏ శీర్షిక కింద ఉంటుందో ఊహించాల్సిన భారం వినేవారి మీదే పడుతుంది.

అందువల్ల చిన్న స్వాగతం అంటే జాబితాను ముక్కలు చేయడం కాదు, వినేవారిని అడగనవసరం లేని ప్రశ్నలను తీసేయడం. ఆప్షన్ల సంఖ్య తగ్గడం ఆ పని ఫలితంగా రావాలి.

ఒక ఉదాహరణతో వివరించగలరా?

గృహోపకరణాలు బాగుచేసే ఒక సేవా కేంద్రాన్ని ఊహించుకుందాం. దాని సందేశం ఇలా మొదలవుతుంది:

> నమస్కారం. మా గృహోపకరణాల సేవా కేంద్రానికి ఫోన్ చేసినందుకు ధన్యవాదాలు. మీ కాల్ మాకు ఎంతో విలువైనది. మా మెనూ ఇటీవల మారింది కనుక దయచేసి ఆప్షన్లన్నీ పూర్తిగా వినండి. మరిన్ని వివరాలకు మా వెబ్‌సైట్‌ను సందర్శించండి.

ఆ తర్వాత తొమ్మిది ఆప్షన్లు వస్తాయి: కొత్త కొనుగోలు, ఇన్‌స్టలేషన్, ఫ్రిజ్ రిపేరు, వాషింగ్ మెషీన్ రిపేరు, ఏసీ రిపేరు, వారంటీ, వార్షిక మెయింటెనెన్స్ కాంట్రాక్టు, ముందే ఇచ్చిన ఫిర్యాదు స్థితి, ఇతర విషయాలు. మామూలు వేగంతో చదివితే ముందుమాటకే సుమారు 17 సెకన్లు పడుతుంది. ఒక్కో ఆప్షన్‌కు మూడున్నర సెకన్ల చొప్పున వేసుకుంటే మొత్తం 50 సెకన్లకు దగ్గరవుతుంది. మెకానిక్ వస్తాడని చెప్పి రాలేదని ఫోన్ చేసిన వ్యక్తికి కావలసినది ఎనిమిదో ఆప్షన్; అది వినిపించేసరికి 45 సెకన్లు గడుస్తాయి. ఆ మనిషి అప్పటికే విసుగుతో ఫోన్ చేశాడన్నది మనం మరచిపోకూడదు.

సమయం ఒక్కటే అయితే వేగంగా చదివించి సరిపెట్టవచ్చు. అసలు దోషం ఆప్షన్ల విభజనలో ఉంది. వారంటీలో ఉన్న ఫ్రిజ్ చెడిపోయింది. మూడు నొక్కాలా, ఆరు నొక్కాలా? బాగుచేసి వెళ్లిన ఏసీ మళ్లీ ఆగిపోయింది, ఐదా, ఎనిమిదా? కాంట్రాక్టు ఉన్న వాషింగ్ మెషీన్ నీళ్లు తోడడం లేదు, నాలుగా, ఏడా? సంస్థ లోపలి విభాగాల పేర్లు తెలిసినవారికి మాత్రమే వీటికి జవాబు తెలుస్తుంది. ఫోన్ చేసిన వ్యక్తికి తన వస్తువు పాడైందని మాత్రమే తెలుసు.

ఇదే కేంద్రానికి మరో స్వాగతం రాద్దాం:

> నమస్కారం. గృహోపకరణాల సేవా కేంద్రం. మీ పరికరం పాడైతే ఒకటి నొక్కండి. ఇప్పటికే ఫిర్యాదు ఇచ్చి ఉంటే రెండు నొక్కండి. మరే విషయమైనా లైన్‌లో ఉండండి.

ఇది చిన్న విరామాలతో కలిపి దాదాపు 12 సెకన్లు. మెకానిక్ రాలేదన్న వ్యక్తికి తన ఆప్షన్ తొమ్మిదో సెకనుకల్లా వినిపిస్తుంది. ఒకటి నొక్కినవారిని ఏ పరికరమో అడగాలంటే ఆ ప్రశ్నను తర్వాత అడగవచ్చు: ఫ్రిజ్ అయితే ఒకటి, వాషింగ్ మెషీన్ అయితే రెండు, ఏసీ అయితే మూడు. ఇది కూడా ఒక అంచెయే, కానీ ఇందులో ఊహించాల్సింది ఏమీ లేదు. తన ఇంట్లో పాడైంది ఫ్రిజ్ అని తెలియనివారు ఉండరు.

మిగిలిన ఆప్షన్లు ఏమయ్యాయి?

వారంటీ ఉందా, వార్షిక కాంట్రాక్టు ఉందా అన్నవి ఫోన్ చేసినవారు చెప్పాల్సినవి కావు. ఆ వివరం సంస్థ రికార్డుల్లోనే ఉంటుంది. ఫోన్ నంబరుతోనో బిల్లు నంబరుతోనో ఉద్యోగి చూసుకోగలడు. చాలా మెనూలను పరిశీలిస్తే ఆప్షన్లలో కొన్ని ఇలాంటివే కనిపిస్తాయి: సంస్థ తన పనిని వినేవారి చేత చేయించుకుంటున్నవి.

కొత్త కొనుగోలు, ఇన్‌స్టలేషన్ లాంటివాటికి వచ్చే కాల్స్ తక్కువైతే, వాటి కోసం మిగతా అందరి చేత రెండు వాక్యాలు అదనంగా వినిపించడం న్యాయం కాదు. వాటిని లైన్‌లో ఉన్నవారితో మాట్లాడే ఉద్యోగి చూసుకుంటాడు. ఏవి తక్కువో ఊహతో తేల్చకూడదు. లాగ్‌లో ఏ అంకెకు ఎన్ని కాల్స్ వెళ్తున్నాయో చూసి తేల్చాలి. అలా చూసినప్పుడు కూడా ఒక జాగ్రత్త అవసరం: పాత మెనూలో మొదటి ఆప్షన్‌కు వెళ్లినవారిలో వినే ఓపిక లేక ఒకటి నొక్కినవారు కూడా ఉంటారు. కాల్ చివరకు ఏ విభాగంలో పరిష్కారమైందో అదే నమ్మదగిన లెక్క.

ధన్యవాదాలు, మీ కాల్ మాకు విలువైనది లాంటి మాటలు మర్యాద కోసం ఉండాలి కదా?

మర్యాదకు నమస్కారం అన్న ఒక్క మాట, ఆ తర్వాత సంస్థ పేరు సరిపోతాయి. సరైన చోటికే ఫోన్ చేశానన్న నమ్మకం వినేవారికి రెండు సెకన్లలో కలగాలి. స్వాగతం చేయాల్సిన ముఖ్యమైన పని అదే. కాల్ విలువైనదని చెప్పే వాక్యం ఆ మనిషిని మరో మూడు సెకన్లు ఆపుతుంది, అంటే చెబుతున్న మాటకు తానే విరుద్ధంగా నడుస్తుంది.

మెనూ ఇటీవల మారిందన్న వాక్యాన్ని తప్పక తీసేయాలి. మొదటిసారి ఫోన్ చేసినవారికి అది అనవసరం. తరచుగా చేసేవారు మారినదాన్ని ఒకసారి తప్పు నొక్కగానే గ్రహిస్తారు. పైగా ఆ వాక్యం ఒకసారి చేరాక ఎవరూ తీయరు, ఏళ్ల తరబడి ఇటీవల అనే వినిపిస్తుంది. వెబ్‌సైట్ చిరునామా కూడా ఇక్కడ వద్దు: అక్కడ పని కానివారే ఎక్కువగా ఫోన్ చేస్తారు. అది చెప్పాల్సిన చోటు క్యూలో వేచి ఉన్న సమయం.

కాల్ రికార్డు అవుతుందన్న ప్రకటన వేరు. చట్టం కోరితే అది ఉండి తీరాలి. ఈ కాల్ రికార్డు అవుతుంది అని నాలుగు మాటల్లో చెప్పి, వీలైతే అంకె నొక్కాక, ఉద్యోగి మాట్లాడడానికి ముందు వినిపించవచ్చు.

సందేశం మధ్యలోనే అంకె నొక్కితే పనిచేయాలా?

తప్పకుండా పనిచేయాలి. మాటలు చిన్నవి చేయడం ఎంత అవసరమో, ఇది అంత అవసరం. ఎన్నోసార్లు ఫోన్ చేసి అంకె తెలిసినవారు మొదటి సెకనులోనే నొక్కేస్తారు. ఆ మీట వెలువరించే రెండు స్వరాల జంటను, అంటే డీటీఎంఎఫ్ సంకేతాన్ని, సందేశం వినిపిస్తున్నప్పుడు కూడా యంత్రం గ్రహించాలి. ఆస్టరిస్క్ వంటి ఫోన్ సర్వర్‌లో తరచుగా జరిగే పొరపాటు ఒకటి ఉంది. `Playback` అన్న ఆదేశం సందేశాన్ని పూర్తిగా వినిపిస్తుంది, ఆలోగా నొక్కిన అంకెతో ఎక్కడికీ మళ్లదు. `Background` అన్నది వినిపిస్తూనే అంకె కోసం వింటుంది. స్వాగతానికి రెండోదే వాడాలి.

```
[welcome]
exten => s,1,Answer()
 same => n,Wait(1)
 same => n(menu),Background(welcome-short)
 same => n,WaitExten(4)
exten => 1,1,Queue(repair)
exten => 2,1,Queue(complaints)
exten => t,1,Queue(staff)
exten => i,1,Goto(s,menu)
```

ఇందులో `Wait(1)` ఉండటానికి కారణం ఉంది. లైన్ కలిసిన మొదటి క్షణాల్లో శబ్దం ఇంకా అవతలికి చేరకపోవచ్చు. ఆ ఒక్క సెకను విరామం లేకపోతే నమస్కారంలో మొదటి అక్షరాలు తెగిపోయి వినిపిస్తాయి. పొడవైన సందేశంలో అది ఎవరూ పట్టించుకోరు. చిన్న సందేశంలో సంస్థ పేరే పోయే ప్రమాదం ఉంది.

మరో చిక్కు కూడా చూడాలి. ఇదే కాంటెక్స్ట్‌లో, అంటే పైన `welcome` అన్న పేరు కింద ఉన్న భాగంలో, 101, 102 వంటి లోపలి నంబర్లను కూడా చేర్చితే, ఒకటి నొక్కగానే ఇంకా అంకెలు వస్తాయేమోనని సర్వర్ ఆగుతుంది. మార్చకపోతే ఆ నిరీక్షణ 5 సెకన్లు. ఒకటి నొక్కితే ఆలస్యమవుతోంది, ఇతర అంకెలకు వెంటనే కలుస్తోంది అని ఎవరైనా చెబితే మొదట చూడాల్సింది ఇదే. లోపలి నంబర్లను వేరే కాంటెక్స్ట్‌లో పెడితే సమస్య తీరుతుంది.

ఏమీ నొక్కనివారిని ఏం చేయాలి?

నాలుగు సెకన్ల మౌనం తర్వాత ఉద్యోగికి కలపాలి. పైన చూపిన ఉదాహరణలో `t` వరుస చేసేది అదే. లైన్‌లో ఉండండి అన్న వాక్యం పాత కాలపు అవసరం నుంచి వచ్చింది. మీటలు నొక్కే టచ్‌టోన్ ఫోన్లు 1963లో మార్కెట్లోకి వచ్చాయి, కానీ చాలా ఏళ్ల పాటు తిప్పే డయల్ ఉన్న ఫోన్లు ఇళ్లలో ఉండేవి, వాటితో మెనూకు జవాబు ఇవ్వడం కుదిరేది కాదు. డయల్ ఫోన్లు పోయినా ఆ వాక్యం అవసరం పోలేదు. చేతులు ఖాళీగా లేనివారు, తెర కనిపించనివారు, చెప్పిన రెండింటిలో తమ పని ఏదో తేల్చుకోలేనివారు ఇప్పటికీ ఉన్నారు.

మౌనంగా ఉన్నవారికి మెనూను మూడుసార్లు వినిపించి కాల్ తెంచేయడం చాలా చోట్ల కనిపిస్తుంది. మొదటిసారి నొక్కనివారు రెండోసారి కూడా నొక్కకపోవడానికి కారణం సాధారణంగా వినపడకపోవడం కాదు, తమ విషయం అందులో లేకపోవడం. మళ్లీ అదే వినిపించడం వల్ల లేనిది వచ్చి చేరదు.

సందేశాన్ని ఎలా చదివించాలి?

మామూలుగా మాట్లాడే వేగంతోనే. తక్కువ సెకన్లలో ఇమిడించాలని తొందరగా చదివిస్తే చిన్నది చేసిన ప్రయోజనం పోతుంది. ఆప్షన్‌కూ ఆప్షన్‌కూ మధ్య అర సెకను విరామం ఇస్తే వినేవారు ఇది నాదా కాదా అని తేల్చుకోగలుగుతారు.

మొదట పని, తర్వాత అంకె రావాలి. పరికరం పాడైతే ఒకటి నొక్కండి అన్నప్పుడు, తన విషయమే అని గుర్తించిన వెంటనే అంకె వినిపిస్తుంది, దాన్ని మోయాల్సిన పని లేదు. ఒకటి నొక్కితే రిపేరు విభాగం అంటే, అవసరమో లేదో తెలియని అంకెను ముందే పట్టుకుని ఉండాలి. తెలుగు వాక్యం సహజంగా పని ముందు, అంకె తర్వాత అన్న క్రమంలోనే నడుస్తుంది కాబట్టి దాన్ని చెడగొట్టకుండా ఉంటే చాలు.

సాధారణ ఫోన్ లైన్ 300 నుంచి 3400 హెర్ట్‌జ్ వరకు ఉన్న ధ్వనినే మోస్తుంది. స్టూడియోలో స్పష్టంగా వినిపించిన గొంతు అక్కడ మసకబారుతుంది. రెండు, మూడు, ఏడు అన్నీ ఒకే అక్షరంతో ముగుస్తాయి; సిగ్నల్ బలహీనంగా ఉన్నప్పుడు మొదటి అక్షరం పోతే మూడు, ఏడు ఒకేలా వినిపిస్తాయి. ఒకటి, రెండు అంకెలతో సరిపెట్టిన స్వాగతంలో ఈ గందరగోళానికి చోటు తక్కువ. రికార్డింగ్‌ను ఆమోదించే ముందు కంప్యూటర్ స్పీకర్లలో కాకుండా, రద్దీగా ఉన్న చోట మొబైల్‌లో వినాలి.

అంకెలే లేకుండా, మీకు ఏం కావాలో చెప్పండి అని అడిగితే ఇంకా చిన్నది అవుతుంది కదా?

అవుతుంది, కానీ మాటను గుర్తించే యంత్రం నమ్మకంగా పనిచేసే భాషలో, అలాంటి యాసల్లో మాత్రమే. ప్రశ్న అంత విశాలంగా ఉంటే చాలామంది ఏం చెప్పాలో తెలియక ఆగిపోతారు, లేదా కథంతా చెబుతారు. ఫ్రిజ్ చల్లబడడం లేదు, మెకానిక్ రాలేదు వంటి ఒకటి రెండు నమూనాలను ప్రశ్నలోనే చెబితే జవాబులు కుదురుగా వస్తాయి. యంత్రం రెండుసార్లు అర్థం చేసుకోలేకపోతే ఉద్యోగికి కలపాలి, మూడోసారి అడగకూడదు.

మెనూ చిన్నదైతే ఉద్యోగుల మీద భారం పెరగదా?

కొంత పెరుగుతుంది, దాన్ని దాచనవసరం లేదు. లైన్‌లో ఉండండి అన్నప్పుడు ఉండేవారు ఉంటారు. దానికి ఎదురుగా తగ్గేది కూడా ఉంది: తప్పు విభాగానికి వచ్చి, విషయం విని, మళ్లించాల్సిన కాల్స్. అలాంటి ఒక్క కాల్ ఇద్దరు ఉద్యోగుల సమయం తింటుంది. ఏది ఎంత అన్నది ఒక్కో సంస్థకు ఒక్కోలా ఉంటుంది కనుక మార్పుకు ముందు, తర్వాత లెక్క తీయాలి.

లెక్కలో సగటు కాల్ సమయాన్ని ప్రమాణంగా పెట్టుకోకూడదు. విసుగెత్తి మెనూలోనే ఫోన్ పెట్టేసినవారు ఆ సగటును తగ్గిస్తారు, దాంతో చెడ్డ మెనూ మంచిదిగా కనిపిస్తుంది. చూడాల్సినవి మూడు: సందేశం ముగియకముందే ఫోన్ పెట్టేసినవారు ఎందరు, మొదటి అంకె ఎన్నో సెకనులో నొక్కారు, కలిసిన విభాగం నుంచి మళ్లీ మరో చోటికి మళ్లించిన కాల్స్ ఎన్ని. ఈ చివరిది అన్నిటికంటే నిజం చెబుతుంది. స్వాగతం చిన్నదయ్యాక కూడా రెండో అంకె నుంచి మళ్లింపులు ఎక్కువగా ఉంటే, ఆ వాక్యం మాటలను మార్చాలి. కొత్త ఆప్షన్‌ను చేర్చకూడదు.

ప్రతి విభాగాధిపతీ తన విభాగానికి ఒక అంకె కావాలంటున్నారు. ఏం చెప్పాలి?

ఆయన విభాగానికి వచ్చిన కాల్స్‌లో ఇరవై ముప్పై రికార్డింగులు ఆయనతో కలిసి వినండి. ఫోన్ చేసినవారు తమ సమస్యను చెప్పిన మొదటి వాక్యాన్ని యథాతథంగా రాసుకోండి. ఆ వాక్యాల్లో విభాగం పేరు దాదాపు ఎవరి నోటా రాకపోతే, ఆ పేరుతో ఆప్షన్ పెట్టినా దాన్ని ఎవరూ గుర్తుపట్టరని ఆయనకే అర్థమవుతుంది. అదే వాక్యాల నుంచి స్వాగతంలో వాడాల్సిన మాటలు కూడా దొరుకుతాయి.

పొడవైన జాబితా సబబైన సందర్భాలు ఏవైనా ఉన్నాయా?

ఉన్నాయి. సంస్థ సొంత సిబ్బంది రోజూ వాడే లైన్‌లో, ఉదాహరణకు పని పూర్తయిందని మెకానిక్‌లు కోడ్ నమోదు చేసే చోట, అంకెలు వారికి కంఠతా వచ్చి ఉంటాయి. జాబితా ఎంత ఉన్నా మధ్యలో నొక్కే వీలుంటే వారికి అడ్డురాదు. ఒకదానితో ఒకటి కలవని, పేరు వినగానే గుర్తుపట్టే ఆప్షన్లు ఐదారు ఉన్నా పెద్ద ఇబ్బంది ఉండదు. భాషల ఎంపిక అలాంటిదే. అందులో ప్రతి భాష పేరునూ, నొక్కాల్సిన అంకెనూ ఆ భాషలోనే పలకాలి, స్వాగత వాక్యాన్ని మాత్రం అన్ని భాషల్లో తిరిగి చెప్పకుండా, ఎంపిక జరిగాక ఒక్క భాషలో వినిపించాలి.